‘చేయగలరా?’ కాదు, ‘ఎలా చేస్తారు?’

150 మిల్లీమీటర్ల మందంతో ఒక చదరపు మీటరు సిమెంటు రోడ్డు వేయాలంటే దాదాపు ఒక బస్తా సిమెంటు పడుతుంది. ఎం20 కాంక్రీటుకు ఘనపు మీటరుకు 320 కిలోలు లెక్క వేసుకుంటే 48 కిలోలు. కంకర, ఇసుక, నీళ్లు, కూలి, మిక్సర్ అద్దె ఇంకా లెక్కలోకి రాలేదు. పాత రోడ్డు పగలగొట్టి రాళ్లు తరలించే ఖర్చూ రాలేదు. అలాంటి పనికి ఒక బిడ్డరు చదరపు మీటరుకు 210 రూపాయలు కోట్ చేశాడనుకోండి. ఆ డబ్బుతో సిమెంటు బస్తా కూడా రాదు. మరి రోడ్డు ఎలా వస్తుంది?

ఆ ప్రశ్నను కాగితం మీద ఎలా అడగాలన్నదే ఇక్కడి విషయం. టెండర్ సెక్షన్‌లో కొత్తగా చేరిన ఏఈలకూ, బిడ్ ఎవాల్యుయేషన్ నోట్ రాసే డీఈఈలకూ ఆ ప్రశ్న అడిగే ఉత్తరం రాసే పని ఎప్పుడో ఒకప్పుడు పడుతుంది. చాలామంది పాత ఫైల్లోంచి ఒక నమూనా తీసి నాలుగు వాక్యాల్లో ముగిస్తారు. ‘మీ రేటు చాలా తక్కువగా ఉంది, ఈ రేటుకు పని చేయగలరని ధృవీకరించండి’ అని రాస్తారు. మరుసటి రోజే లెటర్‌హెడ్ మీద ‘ధృవీకరిస్తున్నాము’ అని జవాబు వచ్చేస్తుంది. ఫైలు ముందుకు కదులుతుంది గానీ, మనకు తెలిసింది మాత్రం ఏమీ ఉండదు. పని కావాలనుకునే మనిషిని చేయగలవా అని అడిగితే చేయలేనని ఎందుకంటాడు?

ఒక ఫైలును ఉదాహరణగా తీసుకుందాం. అంకెలు సులువుగా తెలియడానికి గుండ్రం చేశాను. ఒక మున్సిపాలిటీలో తాగునీటి పైపులైను పని. 300 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న డీఐ పైపు 8,000 మీటర్లు వేయాలి. నిధులు బయటి ఆర్థిక సంస్థవి కాబట్టి మన దగ్గర అలవాటైన శాతం పద్ధతి కాకుండా ఐటం రేటు టెండరు. అంటే బిడ్డరు మొత్తం అంచనా మీద ఇంత శాతం తక్కువ అని చెప్పడు. ధరల షెడ్యూలులో ఒక్కో ఐటంకు విడిగా రేటు రాస్తాడు. అంచనా విలువ 4 కోట్ల 80 లక్షలు. ఎల్‌1 కోట్ చేసింది 4 కోట్ల 41 లక్షలు, ఎల్‌2 కోట్ చేసింది 4 కోట్ల 53 లక్షలు.

మొత్తం చూస్తే ఎల్‌1 అంచనా కంటే సుమారు 8 శాతమే తక్కువ. ఎవరికీ అనుమానం రాదు. శాతం టెండరైతే ఇక్కడితో అయిపోయేది. ఉమ్మడి రాష్ట్రంలో 2003 జులై 1న వచ్చిన జీఓ 94 కూడా అంచనా విలువ కంటే 25 శాతానికి మించి తక్కువకు వెళ్లినప్పుడే అదనపు సెక్యూరిటీ అడిగింది. 8 శాతం అన్నది ఆ దరిదాపుల్లో కూడా లేదు. అయితే షెడ్యూలులోకి వెళ్లి ఐటం వారీగా చూస్తే రెండు అంకెలు కంటికి ఆనుతాయి. పైపు సరఫరాకు మన అంచనా మీటరుకు 3,300 రూపాయలు, అతను రాసింది 3,560. పైపు వేశాక సిమెంటు రోడ్డు పునరుద్ధరించే ఐటం 17కు మన అంచనా చదరపు మీటరుకు 1,050, అతను రాసింది 210. పరిమాణం 4,000 చదరపు మీటర్లు. 42 లక్షల పనిని 8 లక్షల 40 వేలకు చేస్తానంటున్నాడు.

పైపు సైటుకు చేరగానే బిల్లు అవుతుంది. రోడ్డు పునరుద్ధరణ చిట్టచివరి పని. మన పట్టణాల్లో ఏ వీధికి వెళ్లినా పైపులైను కోసం తవ్వి మట్టి కప్పి వదిలేసిన గాడి ఒకటి కనిపిస్తుంది. వానాకాలంలో స్కూటర్లు జారిపడేది దానిలోనే. ఆ గాడికి కారణం తరచు సైటులో ఉండదు. ధరల షెడ్యూలులో ఇలాంటి ఒక వరుసలో ఉంటుంది. అందుకే ఈ ఉత్తరం విషయంలో నాకు అంత పట్టుదల.

ఉత్తరం రాసే ముందు తప్పు మన వైపు లేదని తేల్చుకోవాలి. ఐటం వర్ణన మళ్లీ చదవాలి. ‘రోడ్డును పూర్వస్థితికి తేవడం’ అని మాత్రమే రాసి, మందం, కాంక్రీటు గ్రేడు చెప్పకపోతే బిడ్డరు కంకర పరిచి చదును చేయడమే అనుకొని ఉండవచ్చు. యూనిట్ చూడాలి. ఎస్టిమేట్‌లో ఘనపు మీటరుకు వేసిన రేటు షెడ్యూలులో చదరపు మీటరు దగ్గర పడిందేమో చూడాలి. ఒకే పని రెండు ఐటంలలో వచ్చిందేమో కూడా చూడాలి. పగలగొట్టే పనికి వేరే ఐటం ఉంటే ఐటం 17లో ఆ ఖర్చు ఉండదు. మన డేటా పాతదైతే మన 1,050 కూడా అనుమానించాల్సిన అంకే. మిగతా బిడ్డర్లందరూ 950కీ 1,100కీ మధ్య రాశారంటే మన డేటా సరైనదే అనుకోవచ్చు. మన ఫైలులో ఎల్‌2 రాసింది 980.

ఆ తర్వాత పరిమాణం. ఇది చాలామంది వదిలేసే చోటు. ఒక ఐటంకు రేటు మరీ తక్కువగా రాశాడంటే ఆ పని అంత జరగదని అతనికి తెలిసి ఉండవచ్చు. ఆ వీధుల్లో మరో పథకం కింద కొత్త రోడ్డు మంజూరై ఉందని, పునరుద్ధరణ ఐటంను రేపు మనమే తీసేస్తామని ఊళ్లో తిరిగే కాంట్రాక్టరుకు మన సెక్షన్ కంటే ముందే తెలుస్తుంది. జరగని పనికి తక్కువ రేటు రాస్తే ఎల్‌1 స్థానం దక్కుతుంది, నష్టం మాత్రం రాదు. అందుకని లెక్క వేసి చూడాలి. ఈ ఐటంలో ఎల్‌1కూ ఎల్‌2కూ తేడా చదరపు మీటరుకు 770 రూపాయలు. మొత్తంలో వాళ్ల మధ్య తేడా 12 లక్షలు. 12 లక్షలను 770తో భాగిస్తే సుమారు 1,560. అంటే అసలు పని 4,000 నుంచి 2,440 చదరపు మీటర్లకు తగ్గితే ఇతను నిజానికి ఎల్‌1 కాడు. టేపు పట్టుకొని వీధులు నడిచి చూస్తే 600 చదరపు మీటర్ల మేర ఒక సందులో వేరే విభాగం రోడ్డు వేయబోతోందని తేలిందనుకుందాం. వరుస మారదు. మూల్యాంకనం ఎలాగూ టెండరులో ఇచ్చిన పరిమాణం మీదే జరుగుతుంది, ఇప్పుడు దాన్ని మార్చలేం. కానీ 2,000 తగ్గేట్టు ఉందని తేలితే ఆ సంగతి ఉత్తరం పంపకముందే కమిటీ ముందు పెట్టాలి. ఎందుకంటే అప్పుడు లోపం బిడ్డులో లేదు, మన షెడ్యూలులో ఉంది.

ఇవన్నీ అయ్యాక కూడా 210 అర్థం కాకపోతే ఉత్తరం రాయాలి. రాయకుండా తిరస్కరించడం కుదరదు. కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ వ్యయ విభాగం ఇచ్చిన కొనుగోలు మాన్యువల్ ఈ విషయంలో స్పష్టంగా ఉంది. ధర అనుమానాస్పదంగా తక్కువగా ఉంటే రాతపూర్వకంగా వివరణ, ధర విశ్లేషణ అడగాలి. ఆ ధరకు పని చేయగలనని బిడ్డరు చూపలేకపోతేనే తిరస్కరించవచ్చు. అంచనా కంటే ఇంత శాతం తక్కువైతే దానంతటదే అసాధారణం అని ముందే గీత గీయడం తగదని కూడా అంటుంది. ప్రపంచ బ్యాంకు నిధుల టెండర్లలోనూ పద్ధతి ఇంచుమించు ఇదే. 1990 ప్రపంచ కప్పు కోసం ఇటలీలోని మిలాన్‌లో ఫుట్‌బాల్ స్టేడియం పనికి పిలిచిన టెండరులో ఒక సంస్థ బిడ్డును లెక్కల సూత్రం ప్రకారం నేరుగా తోసిపుచ్చారు. 1989లో యూరోపియన్ న్యాయస్థానం, అడగకుండా తోసిపుచ్చడం చెల్లదంది. తక్కువ ధర వెనక నిజమైన కారణం ఉండవచ్చు. సొంత క్రషర్ ఉండవచ్చు, పక్క ఊళ్లో నడుస్తున్న పని తాలూకు ప్లాంటు ఉండవచ్చు. అది చెప్పుకునే అవకాశం బిడ్డరుకు ఇచ్చేది ఈ ఉత్తరమే.

మన ఆఫీసుల్లో ఇది ఇంగ్లీషులోనే వెళ్తుంది. విషయం అర్థం కావడానికి తెలుగులో రాస్తున్నాను.

విషయం: తాగునీటి పైపులైను పని – ధరల షెడ్యూలు ఐటం 17 కింద కోట్ చేసిన రేటుపై వివరణ కోరడం గురించి.

అయ్యా,

పై పనికి మీరు దాఖలు చేసిన ధరల బిడ్డు పరిశీలనలో ఉంది. ఐటం 17 (సిమెంటు రోడ్డును ఎం20 కాంక్రీటుతో 150 మి.మీ. మందాన పునరుద్ధరించడం, 4,000 చదరపు మీటర్లు) కింద మీరు చదరపు మీటరుకు రూ. 210 (అక్షరాలా రెండు వందల పది రూపాయలు) కోట్ చేశారు. ఆ ఐటంలో చేరిన పని పరిధికి ఈ రేటు అసాధారణంగా తక్కువగా కనిపిస్తోంది. కాబట్టి బిడ్డర్లకు సూచనలలోని సంబంధిత క్లాజు ప్రకారం ఈ కింది వివరాలు కోరుతున్నాము.

1. ఐటం 17లో ఏయే పనులు చేరి ఉన్నాయని భావించి రేటు నిర్ణయించారో, క్రమంలో రాయండి.

2. ఒక చదరపు మీటరుకు రేటు విశ్లేషణ ఇవ్వండి. సిమెంటు, కంకర, ఇసుక ఒక్కోటి ఎంత పరిమాణం, ఏ ధర. కూలీల సంఖ్య, రోజు కూలి. యంత్రాలు, రవాణా, ఓవర్‌హెడ్స్, లాభం విడివిడిగా చూపండి.

3. విశ్లేషణలో వాడిన సామగ్రి ధరలకు ఆధారాలు జతచేయండి. సొంత ప్లాంటు లేదా క్వారీ మీద ఆధారపడితే దాని వివరాలు, పని స్థలానికి దూరం తెలపండి.

4. ఐటం 17కు అయ్యే ఖర్చులో ఏ భాగాన్నయినా షెడ్యూలులోని వేరే ఐటంలలో చేర్చి ఉంటే, ఏ ఐటంలో ఎంత చేర్చారో చూపి, ఆ ఐటం రేటు విశ్లేషణ కూడా ఇవ్వండి.

మీ బిడ్డు ధరలో గానీ, బిడ్డు సారంలో గానీ మార్పు కోరడం లేదు. మీరు ప్రతిపాదించినా పరిగణించబడదు. ఈ ఉత్తరాన్ని బిడ్డు ఆమోదంగా గానీ, బేరసారాలకు ఆహ్వానంగా గానీ భావించరాదు. మీ జవాబు ఈ ఉత్తరం తేదీ నుంచి 7 రోజుల్లోగా, సాయంత్రం 5 గంటల లోపు, అధీకృత సంతకంతో ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్ ద్వారా అందాలి. గడువులోగా జవాబు రాకపోతే అందుబాటులో ఉన్న సమాచారం ఆధారంగా నిర్ణయం తీసుకోబడుతుంది.

ఇంతే. ఇందులో ఉన్నవాటితో పాటు లేనివి కూడా గమనించాలి. మన అంచనా 1,050 అని ఎక్కడా లేదు, ఎల్‌2 రేటూ లేదు. ఐటం వారీ అంచనా రేట్లను టెండరుతో పాటే బయటపెట్టి ఉంటే అది వేరు. లేకపోతే ఆ అంకె ఉత్తరంలో పెట్టడమంటే జవాబు ఏ అంకెకు చేరాలో మనమే చెప్పడం. బిడ్డరు వెనక నుంచి లెక్క కట్టుకొని వస్తాడు. ఇతర బిడ్డర్ల రేట్లు చెప్పడం మూల్యాంకనం గోప్యతకు కూడా విరుద్ధం.

‘1,210 అని రాయబోయి 210 పడిందా?’ అని కూడా లేదు. సాయం చేద్దామనే ఉద్దేశంతో కొందరు ఇలా అడుగుతారు. అది తప్పు. అతను అవునంటే మనం ఏం చేస్తాం? ధర మార్చనివ్వలేం. మార్చనిస్తే మిగతా బిడ్డర్లకు అన్యాయం, మనకు ఆడిట్ పేరా. పోర్టల్‌లో షెడ్యూలు ఎక్సెల్‌ షీటులా ఉంటుంది, మొత్తాలను దానంతటదే కూడుకుంటుంది. కాబట్టి కూడికల తప్పు సరిదిద్దే క్లాజు ఇక్కడ పనికి రాదు. యూనిట్ రేటు 210 అంటే 210. పొరపాటు అతనిదైతే అతనే చెప్పాలి. చెప్పి వెనక్కి వెళ్తే ఈఎండీ సంగతి టెండరు షరతుల ప్రకారం తేలుతుంది. ఎల్‌1 తప్పుకుంటే మళ్లీ టెండరు పిలవాలన్నది 2007 మార్చి 3 నాటి కేంద్ర విజిలెన్స్ కమిషన్ సర్క్యులర్. అది మన దగ్గర వర్తిస్తుందా లేదా అన్నది మన శాఖ నిబంధనలు, నిధులిచ్చే సంస్థ నిబంధనలు చూసుకొని తేల్చుకోవాలి.

‘సిమెంటు ఒక్కటే అంతకంటే ఎక్కువ అవుతుంది కదా’ అని వాదించకపోవడం కూడా కావాలని చేసిందే. ఆ వాదన మన నోట్ ఫైలులో ఉండాలి. ఉత్తరంలో సిమెంటు ఎన్ని కిలోలు, ఏ ధర అని అడిగితే చాలు. నిజం ఆ గడిలోనే బయటపడుతుంది. అతను 48 దగ్గర 20 కిలోలు రాస్తే కాంక్రీటు గ్రేడు తగ్గించే ఆలోచన ఉన్నట్టు. మొదటి ప్రశ్నను ముందు పెట్టింది ఎందుకంటే, పరిధి అపార్థం అయితే మిగతా మూడు జవాబులు చదవనక్కరలేకుండానే అక్కడే తెలిసిపోతుంది.

నాలుగో ప్రశ్నే ఈ ఉత్తరానికి గుండెకాయ. దాన్ని నింద వినిపించకుండా ‘చేర్చి ఉంటే’ అని అడగడం ముఖ్యం. ‘పైపు రేటు పెంచి ఇక్కడ తగ్గించారా’ అని రాస్తే బిడ్డరు లాయర్‌ని పట్టుకుంటాడు. మామూలుగా అడిగితే మామూలుగా చెప్పేవాళ్లే ఎక్కువ. ఒక ఐటం నష్టాన్ని మరో ఐటంలో సర్దుకోవడం కాంట్రాక్టర్ల దృష్టిలో దొంగతనం కాదు, వ్యాపారం. దాచాల్సిన అవసరం వాళ్లకు కనిపించదు.

మన ఉదాహరణలో జవాబు ఇలా వచ్చిందనుకుందాం. చదరపు మీటరుకు సిమెంటు 48 కిలోలే చూపాడు. కంపెనీ నుంచి బల్క్‌గా తెచ్చుకుంటున్నానని కొటేషన్ పెట్టాడు. అన్నీ కలిపి అసలు ఖర్చు 905 రూపాయలు. కింద ఒక వరుసలో ‘695 రూపాయలు పైపు సరఫరా ఐటంలో చేర్చబడినవి’ అని రాశాడు. పైపు తయారీదారు కొటేషన్, రవాణా కలిపి మీటరుకు 3,212 అని చూపాడు. 695ను 4,000తో గుణిస్తే 27 లక్షల 80 వేలు. దాన్ని 8,000 మీటర్ల పైపు మీద పంచితే మీటరుకు సుమారు 347. 3,212కి 347 కలిపితే 3,559. అతను కోట్ చేసిన 3,560తో సరిపోయింది. జవాబు నిజాయితీగా ఉందా లేదా అని తెలుసుకునే పద్ధతి ఇదే. రెండు ఐటంల విశ్లేషణలు ఒకదాన్నొకటి మోయాలి. ఒక చోట 695 తగ్గించి మరో చోట ఆ డబ్బు కనిపించకపోతే విశ్లేషణ జవాబు కోసం అల్లిందని అర్థం.

ఇక్కడ చాలామంది తప్పటడుగు వేస్తారు. ‘210 గిట్టదని అతనే ఒప్పుకున్నాడు, కాబట్టి అసాధారణ తక్కువ బిడ్డు, తిరస్కరించండి’ అని నోట్ పెడతారు. అది నిలవదు. మొత్తం 4 కోట్ల 41 లక్షల్లో పని అంతా చేసే డబ్బు ఉందని అతను చూపాడు. అసాధారణంగా తక్కువ ఉన్నది బిడ్డు కాదు, ఒక రేటు. ఇది అసమతుల్య బిడ్డు, డబ్బు ముందుకు లాక్కున్న బిడ్డు. రోగం వేరు కాబట్టి మందు కూడా వేరుగా ఉండాలి.

మనకు ఉన్న అపాయం ఎంతో లెక్క కట్టాలి. పైపులు వచ్చి, వేసి, బిల్లులు తీసుకొని అతను వెళ్లిపోయాడనుకుందాం. మిగిలిన రోడ్డు పని మరొకరితో చేయించాలంటే మన అంచనా ప్రకారం 42 లక్షలు. ఇతనికి చెల్లించకుండా మన దగ్గర మిగిలేది 8 లక్షల 40 వేలు. కొరత 33 లక్షల 60 వేలు. పెర్ఫార్మెన్స్ సెక్యూరిటీ 5 శాతం అంటే 22 లక్షల చిల్లర. దానితో కొరత తీరదు. ప్రపంచ బ్యాంకు తరహా టెండరు పత్రాల్లో అసమతుల్య బిడ్డుకు సెక్యూరిటీ పెంచమని అడిగే క్లాజు ఉంటుంది. మన పత్రంలో అది ఉంటే 8 శాతానికి పెంచితే 35 లక్షల పైన అవుతుంది, కొరత కప్పుతుంది. నోట్‌లో ఈ లెక్క ఉంటే ‘8 శాతం ఎక్కడి నుంచి వచ్చింది’ అని ఎవరూ అడగరు.

ఆ క్లాజు మన టెండరు పత్రంలో లేకపోతే మాత్రం పెంచలేం. కేంద్ర నిబంధనల కింద నడిచే టెండర్లలో తక్కువ బిడ్డుకు అదనపు సెక్యూరిటీ అడగడాన్ని సాధారణంగా వద్దంటారు. చెల్లింపు షరతులను ఇప్పుడు మార్చడం కూడా కుదరదు. అప్పుడు మిగిలేది కమిటీకి అపాయం ఎంతో అంకెల్లో చెప్పి, నిర్ణయం వాళ్లకు వదలడం. ఇలా ఇబ్బంది పడకుండా ఉండాలంటే తర్వాతి టెండరు పత్రంలోనే పైపు ధరలో కొంత భాగాన్ని పరీక్ష, పునరుద్ధరణ అయ్యాకే చెల్లిస్తామని రాసుకోవాలి.

జవాబు మరోలా కూడా రావచ్చు. ‘కోట్ చేసిన రేటుకు కట్టుబడి ఉన్నాము’ అన్న ఒక్క వాక్యం వస్తే అది జవాబు కాదు. ఏ ప్రశ్నలకు వివరం రాలేదో నంబర్లతో చెప్పి ఒక్కసారి గుర్తు చేయాలి, మూడు రోజులు ఇవ్వాలి. రెండోసారీ అదే వాక్యం వస్తే, అవకాశం ఇచ్చామని, విశ్లేషణ ఇవ్వలేదని నోట్ చేసి కమిటీకి పంపాలి. ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తూ పోతే అది బేరంలా కనిపిస్తుంది, బిడ్డు చెల్లుబాటు గడువు కూడా కరిగిపోతుంది. పరిధి అపార్థమైందని జవాబొస్తే, ఐటం వర్ణన స్పష్టంగా ఉందో లేదో నిష్పక్షంగా చూడాలి. స్పష్టంగా ఉంటే రేటుకు అతనే బాధ్యుడు. మన రాత అస్పష్టంగా ఉంటే, మిగతావాళ్లు ఎలా అర్థం చేసుకున్నారో కూడా తెలియదు కాబట్టి టెండరు మీదే ఆలోచించాల్సి వస్తుంది.

అటువైపు కూర్చున్నవాళ్లకు, అంటే కాంట్రాక్టు సంస్థల్లో టెండర్లు చూసే ఉద్యోగులకు కూడా ఒక మాట. ఈ ఉత్తరం రాగానే భయపడి ‘ధృవీకరిస్తున్నాము’ అని పంపేయకండి. బిడ్డు వేసిన రోజు మీరు వాడిన లెక్క కాగితం తీయండి, దాన్నే శుభ్రంగా రాసి పంపండి. జవాబు కోసం కొత్తగా వండిన డేటా పట్టుబడుతుంది. కొటేషన్ల మీద తేదీ బిడ్డు తేదీ తర్వాతది ఉంటే చాలు, అనుమానం మొదలవుతుంది. నిజంగా పొరపాటు జరిగి ఉంటే మీ యజమానితో ఆ రోజే మాట్లాడండి. నష్టం భరించి చేయడమా, వెనక్కి వెళ్లడమా అన్నది ఆయన తేల్చాల్సిన విషయం. సగం నిజం రాసి పంపితే ఆ రెండు దారులూ మూసుకుపోతాయి.

కమిటీకి పెట్టే నోట్‌లో ఏం అడిగాం, ఏం చెప్పారు, మనం ఏం పోల్చి చూశాం, ఏం తేలింది అన్నవి వరుసగా రావాలి. తిరస్కరిస్తే కారణాలు రాతలో ఉండాలి. 1994లో టాటా సెల్యులార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినట్టు కోర్టు మన నిర్ణయం స్థానంలో తన నిర్ణయం పెట్టదు, నిర్ణయానికి ఎలా వచ్చామో చూస్తుంది. ఆ దారి కనిపించేది ఈ నోట్‌లోనే.

ఇక ఆమోదించి పని అప్పగిస్తే, ఉత్తరాన్నీ జవాబునూ అగ్రిమెంటులో భాగం చేయాలి. అవి టెండర్ సెక్షన్ బీరువాలో ఉండిపోకూడదు. ఐటం 17 ఖర్చులో 695 రూపాయలు పైపు బిల్లుల్లోనే చెల్లించేశామన్న సంగతి సైటులో ఉన్న ఏఈకి తెలియాలి. ఎనిమిది నెలల తర్వాత కాంట్రాక్టరు మేనేజరు వచ్చి ‘సార్, 210కి గిట్టుబాటు కావడం లేదు, సప్లిమెంటల్ ఐటం పెట్టండి’ అంటాడు. అప్పుడు ఆ ఏఈ చేతిలో అతని సంస్థ సంతకంతో ఉన్న ఆ విశ్లేషణ పేజీ ఉండాలి.